బోరబండ ఇల్లు, కొండాపూర్ ఇల్లు: అమ్మకం పన్ను ఎవరి మీద ఎంత బరువు?

మాదాపూర్‌లో ఒక ఐటీ టవర్ ఉందనుకుందాం. గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ గార్డుకి నెలకు 16,000 రూపాయల జీతం. ఏడో అంతస్తులో పనిచేసే ఇంజనీరుకి 2 లక్షలు. ఇద్దరి పేస్లిప్‌లలోనూ వృత్తి పన్ను కోత ఒకటి కనబడుతుంది. గార్డుకి 150 రూపాయలు, ఇంజనీరుకి 200. తెలంగాణలో జీతం 15,000 లోపు ఉంటే ఈ పన్ను లేదు, 20,000 దాకా 150, ఆ పైన ఎంతున్నా 200. జీతం పన్నెండున్నర రెట్లు పెరిగితే పన్ను యాభై రూపాయలు పెరిగింది. శాతంలో చూస్తే గార్డు తన జీతంలో వందకు 94 పైసలు కడుతున్నాడు, ఇంజనీరు 10 పైసలు. ఇది ప్రభుత్వం కావాలని పెట్టిన వివక్ష కాదు. రాజ్యాంగంలోని 276వ అధికరణం వృత్తి పన్నుకి మనిషికి ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆ పరిమితి 1988 నుంచి అలాగే ఉంది, జీతాలు మాత్రం అక్కడ ఆగిపోలేదు.

ఇలా ఆదాయం పెరిగేకొద్దీ పన్ను శాతం తగ్గుతూ పోతే దాన్ని తిరోగామి పన్ను అంటారు. శాతం పెరుగుతూ పోతే పురోగామి పన్ను. ఇక్కడ చూడాల్సింది కట్టే రూపాయలు కాదు, ఆదాయంలో అవి ఎంత భాగం అన్నది. ఇంజనీరు కట్టేది ఎక్కువ రూపాయలే, అయినా ఆ పన్ను తిరోగామి. ఈ ఒక్క తేడా మర్చిపోవడం వల్లే టీవీ చర్చల్లో సగం గొడవ జరుగుతుంది.

ఆదాయపు పన్ను దీనికి సరిగ్గా ఎదురు. 2025-26కి కొత్త విధానంలో మొదటి 4 లక్షల మీద పన్ను లేదు, ఆ తర్వాత ప్రతి 4 లక్షలకు ఒక మెట్టు చొప్పున 5, 10, 15, 20, 25 శాతం, 24 లక్షలు దాటితే 30 శాతం. ఏడాదికి 24 లక్షలు వచ్చే మన ఇంజనీరుకి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే మిగిలేది 23,25,000. మెట్ల లెక్క వేసి, 4 శాతం సెస్సు కలిపితే 2,92,500 రూపాయల పన్ను. అంటే మొత్తం జీతంలో 12 శాతం పైచిలుకు. గార్డుకి ఈ పన్ను సున్నా. పేస్లిప్‌లో కనబడే పన్నుల కథ ఇంతే. అసలు చిక్కు పేస్లిప్‌లో కనబడని పన్నుతోనే, అంటే కొట్టులో, పెట్రోలు బంకులో కట్టే పన్నుతో.

కౌంటర్ దగ్గర కట్టే పన్నుకి మనిషి ఎవరో తెలియదు. సర్ఫ్ ప్యాకెట్ కొన్నది గార్డు భార్యా, ఇంజనీరా అని అది అడగదు. ప్రభుత్వాలకు ఈ పన్ను ఇష్టం కావడానికి కారణం కూడా అదే. చేతికి నగదు కూలి తీసుకునే కోట్లమందికి పేస్లిప్ ఉండదు, రిటర్న్ ఉండదు. వాళ్ల ఆదాయాన్ని లెక్కగట్టడం కష్టం, వాళ్లు కొనే వస్తువు మీద పన్ను వేయడం తేలిక. అయితే ఆదాయం తెలియని పన్ను ఆదాయాన్ని బట్టి తగ్గలేదు. వస్తువుల్ని బట్టి మాత్రమే తగ్గగలదు. అందుకే జీఎస్టీలో కూరగాయలకి సున్నా, వంటనూనెకి 5, బట్టల సబ్బు పొడికి 18 అని వేరువేరు రేట్లు. బీదవాళ్లు ఎక్కువగా కొనేవాటికి తక్కువ రేటు పెడితే బరువు తగ్గుతుందన్నది దీని వెనకున్న ఆలోచన. అది ఎంతవరకు పనిచేస్తుందో రెండు ఇళ్ల నెల ఖర్చు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఈ రెండు ఇళ్లూ లెక్క కోసం కట్టుకున్నవే, కానీ హైదరాబాద్‌లో ఇలాంటి ఇళ్లు వెతుక్కోనక్కర్లేదు. పీఎఫ్, ఈఎస్ఐ కోతల్ని మాత్రం పక్కన పెట్టాను.

మొదటిది బోరబండలో గార్డు ఇల్లు. ఆయన 16,000, ఆవిడ మూడిళ్లలో పనిచేసి తెచ్చే 10,000, మొత్తం 26,000. ఇద్దరు పిల్లలు. అద్దె 6,500, స్కూలు ఫీజు 2,000. ఈ రెండింటి మీదా జీఎస్టీ లేదు. కూరగాయలు, పాలు, గుడ్లు, చికెన్, విడిగా కొనే పప్పులు కలిపి 5,000, వాటి మీదా లేదు. బియ్యం రేషన్‌లో వస్తుంది. నూనె, చక్కెర, టీ పొడి, మసాలాలు 3,000. గ్యాస్ సిలిండర్ దాదాపు 900. బట్టలు, చెప్పులు సగటున 1,200. జీఎస్టీ బిల్లు ఇచ్చే హోటల్లో టిఫిన్లు, పిల్లల బిస్కెట్లు 1,000. మందులు 700, డాక్టరు ఫీజు, పరీక్షలు 500. ఒంటి సబ్బు, పేస్టు, తలనూనె 600, సర్ఫు, ఫినాయిలు వగైరా 400. రెండు ఫోన్ల రీచార్జి 600. బండికి పెట్రోలు 2,200. ఇవన్నీ కలిపితే 24,600 అవుతుంది. మిగిలిన 1,400లో 150 వృత్తి పన్నుకి పోతే తక్కినది చిట్టీకి.

ఇందులో 5 శాతం పన్ను ఉన్న సరుకుల విలువ 7,400. ధరలోనే పన్ను కలిసి ఉంటుంది కాబట్టి 105లో 5 వంతు తీయాలి, అంటే 352 రూపాయలు. 18 శాతం ఉన్నవి సర్ఫు, ఫినాయిలు, రీచార్జి, మొత్తం 1,000. వాటిలో పన్ను 153. జీఎస్టీ మొత్తం 505 రూపాయలు. ఆదాయంలో రెండు శాతం కూడా లేదు. చాలామంది ఊహించుకునేదానికంటే ఇది తక్కువే. సున్నా రేట్లు, 5 శాతం రేట్లు తమ పని తాము చేశాయన్నమాట.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ పెట్రోలు జీఎస్టీలో లేదు. 2024 మార్చిలో ధర తగ్గించాక హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల 41 పైసలు ఉండేది, మన లెక్క ఆ ధర మీదే. అప్పట్లో అందులో కేంద్రం ఎక్సైజ్ సుంకం 19 రూపాయల 90 పైసలు, దాని మీద రాష్ట్రం వ్యాట్ 35.2 శాతం, అంటే దాదాపు 28 రూపాయలు. వ్యాట్ లెక్కగట్టేటప్పుడు ఎక్సైజ్‌ని కూడా ధరలో కలిపే వేస్తారు, కాబట్టి పన్ను మీద పన్ను పడుతుంది. లీటరుకి రెండు ప్రభుత్వాలకీ కలిపి 48 రూపాయలు పోయేవి. బోరబండ ఇంటి 2,200 రూపాయల పెట్రోలులో పన్ను దాదాపు 980. నెల మొత్తం సరుకుల మీద కట్టిన జీఎస్టీకి దాదాపు రెండింతలు, ఒక్క బండి ట్యాంకులో. రెండూ కలిపి 1,485 రూపాయలు, ఆదాయంలో 5.7 శాతం.

రెండో ఇల్లు కొండాపూర్‌లో. భార్యాభర్తలిద్దరూ ఐటీలో, చెరి 2 లక్షలు, నెలకు 4 లక్షలు. ఆదాయపు పన్ను, వృత్తి పన్ను కలిపి 49,150 జీతంలోనే పోతుంది. ఫ్లాట్ ఈఎంఐ 85,000. సిప్‌లు, ఇతర పొదుపు లక్ష. పిల్లల స్కూలు ఫీజు నెలకు 30,000, దాని మీద జీఎస్టీ లేదు. పనివాళ్ల జీతాలు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పాలు, కూరగాయలు, పండ్లు, బీమా ప్రీమియం, వీటి మీదా లేదు. మెయింటెనెన్స్ నెలకు 7,500 లోపే కాబట్టి మినహాయింపు. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ బయటికి వచ్చాయి. ప్యాక్ చేసిన కిరాణా, రెస్టారెంట్లు, మామూలు బట్టలు, ప్రయాణాలు, మందులు కలిపి 5 శాతం వాటా 50,000. ఫోన్లు, ఇంటర్నెట్, ఖరీదైన బట్టలు, ఇంట్లో సామాన్లు, కారు సర్వీసింగ్ కలిపి 18 శాతం వాటా 25,000. రెండు కార్ల పెట్రోలు 12,000.

వీళ్ల జీఎస్టీ 6,195 రూపాయలు. బోరబండ ఇంటికంటే పన్నెండు రెట్లు. పెట్రోలు పన్ను 5,350. మొత్తం 11,545, వాళ్ల ఆదాయంలో 2.9 శాతం. అక్కడ 5.7, ఇక్కడ 2.9. సగం. జీఎస్టీ ఒక్కటే తీసుకుంటే అక్కడ 1.9, ఇక్కడ 1.5, తేడా చిన్నదే. తేడాని పెద్దది చేసింది పెట్రోలు. ఎందుకంటే బండి మీద వెళ్లేవాడికి కారువాడికంటే తక్కువ పెట్రోలు పడుతుంది గానీ, ఆదాయాల మధ్య ఉన్నంత తేడా పెట్రోలులో లేదు. ఆదాయం పదిహేను రెట్లు, పెట్రోలు అయిదున్నర రెట్లు. వస్తువు ఏదైనా సరే, ఆదాయం పెరిగినంత వేగంగా దాని వాడకం పెరగకపోతే దాని మీద వేసే పన్ను తిరోగామి అవుతుంది. ఉప్పు మీద పన్ను మీద అంత పోరాటం ఎందుకు జరిగిందో ఇక్కడ గుర్తుకు రాకమానదు. ధనవంతుడైనా రెండింతల ఉప్పు తినలేడు కదా. సారా, బీరు, విస్కీ సంగతీ ఇలాంటిదే. మద్యం జీఎస్టీలో లేదు, సీసా ధరలో పన్నుదే పెద్ద వాటా. గార్డు తాగేవాడైతే పైన వేసిన 5.7 శాతం ఎక్కడికో వెళ్లిపోతుంది. ఆ ఖర్చు ఎలాగూ ఇంట్లో చెప్పరు, మన లెక్కలోనూ వేయలేదు.

ఇప్పటిదాకా అన్నీ ఆదాయంతో భాగించాం. ఇక్కడే ఈ రంగంలో ఉన్న అసలు వాదన మొదలవుతుంది. కొండాపూర్ ఇంటి పన్ను శాతం తక్కువ కావడానికి ముఖ్య కారణం వాళ్లు తక్కువ రేటు సరుకులు కొనడం కాదు. వచ్చినదంతా ఖర్చు పెట్టకపోవడం. లక్ష సిప్‌లోకి వెళ్లింది, దాని మీద అమ్మకం పన్ను లేదు. అలాంటప్పుడు ఆదాయంతో కాకుండా ఖర్చుతో భాగించి చూడాలని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. వాళ్ల మాట ఏమిటంటే, ఈరోజు దాచుకున్న డబ్బు ఎప్పుడో ఒకనాడు ఖర్చవుతుంది, ఆరోజు దాని మీదా పన్ను పడుతుంది. ఒక నెల కాదు, జీవితం మొత్తం చూడండి అని.

సరే, అలాగే భాగించి చూద్దాం. బోరబండ ఇంటి ఖర్చు 24,600, పన్ను 1,485, అంటే 6 శాతం. కొండాపూర్ ఇంట్లో పన్ను, ఈఎంఐ, పొదుపు తీసేస్తే ఖర్చు 1,65,850, పన్ను 11,545, అంటే 7 శాతం. తీర్పు తిరగబడింది. ఆదాయం వైపు నుంచి తిరోగామిగా కనబడిన పన్ను, ఖర్చు వైపు నుంచి పురోగామి అయిపోయింది. జీఎస్టీ ఒక్కటే చూస్తే ఇంకా స్పష్టం, 2 శాతానికి 3.7 శాతం. అంకెలు అవే, మారింది భాగహారం మాత్రమే. జీఎస్టీ బీదవాళ్లకి భారమా కాదా అన్న చర్చలో ఎవరైనా ఒక శాతం చెబితే, దేనిలో శాతం అని ముందు అడగాలి.

కానీ ఈ రెండో లెక్కలో ఒక మోసం దాగుంది. బోరబండ ఇంటి అద్దెని ఖర్చు కింద వేశాం, కొండాపూర్ ఇంటి ఈఎంఐని తీసేశాం. ఇద్దరూ ఇంట్లోనే ఉంటున్నారు, ఒకరిది మాత్రం ఖర్చు కానట్టు లెక్క. వాళ్ల ఫ్లాట్‌ని అద్దెకిస్తే నెలకు 45,000 వస్తుందనుకుని ఆ మొత్తాన్ని ఖర్చులో కలిపితే, 11,545 అన్నది 2,10,850లో 5.5 శాతం. బోరబండ 6 శాతం. మళ్లీ తిరగబడింది, ఈసారి స్వల్పంగా. నిజాయితీగా చెప్పాలంటే ఖర్చు వైపు నుంచి ఈ రెండిళ్ల మధ్య పెద్ద తేడా లేదు. జీఎస్టీ కొంచెం పురోగామి, పెట్రోలు పన్ను తిరోగామి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి.

ఇక జీవితకాలం వాదన సంగతి. అది కొండాపూర్‌కి సరిపోయినంతగా బోరబండకి సరిపోదు. పొదుపు చేసినవాడు పన్నుని వాయిదా వేసుకుంటున్నాడు, ఆ వాయిదా కాలంలో డబ్బు పెరుగుతోంది. కొంత డబ్బు పిల్లలకి పోతుంది, ఇంకో ఫ్లాట్‌గా మారుతుంది. గార్డుకి ఆ వెసులుబాటు లేదు. ఆయనకి నెల అంటే నెలే. నెలాఖరుకి జేబులో ఏం మిగిలిందన్నదే ప్రశ్న అయితే ఆదాయంతో భాగించడమే సబబు. పన్ను విధానం మొత్తాన్ని ముప్ఫై ఏళ్ల కాలానికి అంచనా వేస్తున్నప్పుడు ఖర్చుతో భాగించడంలో అర్థముంది.

ఈ గందరగోళంలోంచే ఒక అంకె పుట్టి బాగా తిరిగింది. దేశంలో దిగువ సగం జనాభా మొత్తం జీఎస్టీలో 64 శాతం కడుతోందని 2023 జనవరిలో ఆక్స్‌ఫామ్ ఇండియా నివేదిక చెప్పింది. బీదవాళ్ల పక్షాన మాట్లాడే చాలామంది దాన్ని ఇప్పటికీ వాడతారు. అది నమ్మదగ్గది కాదు. ఎవరి మీద బరువు ఎక్కువ అన్నది ఒక ప్రశ్న, ఖజానాకి ఎవరి దగ్గర నుంచి ఎక్కువ వస్తోంది అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు కావాలంటే ఎవరు ఎంత కొంటున్నారో చూడాలి. 2022-23 గృహ వినియోగ సర్వేలో పట్టణాల్లో అట్టడుగు 5 శాతం మంది తలసరి నెల ఖర్చు 2,001 రూపాయలు, పైనున్న 5 శాతం మందిది 20,824. పదింతల తేడా. పైగా కింద వాళ్ల ఖర్చులో పన్ను లేని తిండి వాటా ఎక్కువ. మన రెండిళ్లలోనే ఒకరు 505, ఒకరు 6,195 కట్టారు. కాబట్టి ఖజానాకి వచ్చే జీఎస్టీలో పెద్ద వాటా పైవాళ్లదే. అయినా బరువు కిందవాళ్ల మీదే ఎక్కువ కావచ్చు. రెండూ ఒకేసారి నిజం కావడంలో వింతేమీ లేదు.

సున్నా రేటు అని చెప్పిన చోట నిజంగా సున్నా ఉండదు. పైన గార్డు ఇంటి కూరగాయల మీద పన్ను లేదని రాశాం. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి బోరబండకి ఆ టమాటాలు డీజిల్ ఆటోలో వస్తాయి. డీజిల్ మీద రాష్ట్ర వ్యాట్ 27 శాతం, పైన కేంద్ర ఎక్సైజ్. ఆ పన్ను టమాటా ధరలోకి దిగిపోతుంది, ఏ బిల్లులోనూ కనబడదు. వీధి చివర టిఫిన్ సెంటర్‌ది ఇంకాస్త చిక్కు కథ. ఏడాదికి 20 లక్షల లోపు అమ్మకాలుంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి ప్లేటు ఇడ్లీ మీద పన్ను లేదు. కానీ ఆయన కొనే కమర్షియల్ సిలిండర్ మీద 18 శాతం, నూనె మీద 5 శాతం ఉంది. రిజిస్టర్ చేసుకున్న పెద్ద తయారీదారు తాను కొన్నవాటి మీద కట్టిన పన్నుని, అమ్మేటప్పుడు వసూలు చేసిన పన్నులోంచి మినహాయించుకుంటాడు. దాన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. టిఫిన్ సెంటర్ ఆయనకి ఆ అవకాశం లేదు. సిలిండర్ మీద కట్టిన పన్ను ఇడ్లీలోకి పోవాల్సిందే. స్కూలు ఫీజు, డాక్టరు ఫీజు, ఇంటద్దె కూడా ఇంతే. ఫీజు మీద జీఎస్టీ లేకపోయినా స్కూలు కొన్న బెంచీల మీద, సిమెంటు మీద కట్టినది వెనక్కి రాదు. కాబట్టి 505 అన్నది బిల్లుల్లో కనబడే జీఎస్టీ మాత్రమే, అసలు బరువు అంతకంటే ఎక్కువ. రెండిళ్లకీ ఇది వర్తిస్తుంది. కాకపోతే పన్ను లేని వస్తువులు, సేవల మీద ఎక్కువ ఆధారపడే ఇంట్లో ఈ దాగిన పన్ను వాటా పెద్దదిగా ఉంటుంది.

సరుకు ఎంత మోతాదులో కొంటారన్నది కూడా పన్నుని మారుస్తుంది. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. విడిగా తూచి ఇస్తే పన్ను లేదు. ప్యాకెట్ 25 కిలోలు దాటినా లేదు. వెంటనే మార్కెట్‌లోకి 26 కిలోల బస్తా వచ్చింది, ఆ ఒక్క కిలో ఎందుకు పెరిగిందో ఇప్పుడు ప్రతి కిరాణా కొట్టాయనకీ తెలుసు. ఒకేసారి బస్తా డబ్బు పెట్టగలిగినవాళ్లకి పన్ను లేదు. చేతిలో ఉన్నదాన్నిబట్టి 5 కిలోల ప్యాకెట్ తీసుకెళ్లేవాళ్లకి ఉంది. విడి బియ్యం దొరికితే వాళ్లూ తప్పించుకోవచ్చు, కానీ విడిగా అమ్మే కొట్లు ఊళ్లో తగ్గుతున్నాయి.

రేటు తగ్గించినప్పుడూ చిన్న ప్యాకెట్‌కి అది చేరడం కష్టం. 2025 సెప్టెంబర్ 22న షాంపూ, ఒంటి సబ్బు, టూత్‌పేస్టు 18 నుంచి 5 శాతానికి దిగాయి. 1 రూపాయి షాంపూ సాషే తీసుకోండి. అందులో అసలు ధర 84.7 పైసలు. దాని మీద 5 శాతం వేస్తే 89 పైసలవుతుంది. 11 పైసలు తగ్గాలి. 89 పైసలు ఇవ్వడానికి ఎవరి దగ్గరా చిల్లర లేదు. కంపెనీ చేయగలిగింది సాషేలో కాస్త ఎక్కువ షాంపూ పోయడమే. పోసిందో లేదో కొనేవాళ్లు తూచి చూడరు. 400 రూపాయల బాటిల్ మీద అయితే 44 రూపాయల తగ్గింపు ధరలోనే కనబడుతుంది.

మరి రేట్లు ఇంకా తగ్గిస్తే? నూనె, చక్కెర, టీ పొడి, మసాలాల మీద 5 శాతం పూర్తిగా ఎత్తేశారనుకుందాం. బోరబండ ఇంట్లో వాటి ఖర్చు 3,000, కలిసొచ్చేది 143 రూపాయలు. కొండాపూర్ ఇంట్లో అలాంటి ప్యాక్ సరుకు 12,000, కలిసొచ్చేది 571. బీద ఇంటికి 143 ఇవ్వడం కోసం ధనిక ఇంటికి 571 వదులుకోవాలి. వస్తువు రేటు అనే సాధనం ఇంతకంటే సూటిగా గురి పెట్టలేదు. అందుకే కెనడా లాంటి దేశాలు సరుకు మీద పన్ను వేసి, తక్కువ ఆదాయమున్న ఇళ్లకి మూడు నెలలకోసారి డబ్బు వెనక్కి ఇస్తున్నాయి.

మన దగ్గర ఆ పని వేరే రూపంలో జరుగుతోంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితం. నలుగురున్న గార్డు ఇంటికి 24 కిలోలు. కిలో 50 రూపాయలని వేసుకుంటే 1,200 రూపాయల సరుకు. పెట్రోలుతో కలిపి ఆ ఇల్లు కట్టిన 1,485 రూపాయల పన్నులో చాలాభాగం ఇలా వెనక్కి వచ్చినట్టే. ఆవిడ పనికి వెళ్లే బస్సులో టికెట్ లేకపోవడం, కరెంటు 200 యూనిట్ల దాకా ఉచితం కావడం కలిపితే లెక్క అటువైపు మొగ్గుతుంది కూడా. పన్ను తిరోగామి అయినా, పన్నూ పంపకమూ కలిపి చూస్తే ఆ ఇంటికి నష్టం లేదని వాదించవచ్చు.

ఆ వాదన కార్డున్న ఇంటికే చెల్లుతుంది. అదే గేటు దగ్గర రాత్రి షిఫ్టుకి వచ్చే గార్డు పక్క రాష్ట్రం నుంచి నిరుడు కుటుంబంతో వచ్చాడనుకుందాం. జీతం అదే 16,000, ఆవిడ సంపాదనా అంతే. పెట్రోలు, రీచార్జి, సర్ఫు, గ్యాస్ మీద కట్టే పన్ను మొదటి ఇంటితో సమానం. సొంత రాష్ట్రంలోనూ రేషన్ కార్డు లేదు, తెలంగాణది ఇంకా రాలేదు. అందుకని 24 కిలోల బియ్యం కొట్లో కొంటారు, 1,200 రూపాయలు. ఒకేసారి బస్తా దించుకునే డబ్బు లేక 5 కిలోల ప్యాకెట్లుగా తెచ్చుకుంటే, అందులో 57 రూపాయలు జీఎస్టీ.